‘హలో’ అన్నవారికి ఏం రాయాలి? ఇంటి భోజనం అమ్మకంలో నా అనుభవం

కూకట్‌పల్లిలో మేముండే అపార్ట్‌మెంటు నుంచే మధ్యాహ్న భోజనం డబ్బాలు అమ్మడం 2024 జూన్ 10, సోమవారం మొదలుపెట్టాను. మొదలుపెట్టే ముందు సలహాలకు కొదవలేదు. డబ్బాలు ఎక్కడ చౌకో ఒకరు చెప్పారు, సోనామసూరి పాతబియ్యం ఎవరి దగ్గర తీసుకోవాలో మరొకరు చెప్పారు. ముక్కూమొహం తెలియని నంబరు నుంచి ‘హలో’ అని ఒక్క మాట వస్తే తిరిగి ఏం రాయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. వాళ్లు భోజనం తీసుకుంటారో లేదో చాలావరకు ఆ జవాబుతోనే తేలిపోతుంది. అందుకే వంట సంగతి పక్కనపెట్టి ఆ ఒక్క జవాబు గురించే రాస్తున్నాను.

మే నెలంతా ఏర్పాట్లతో గడిచింది. ముందుగా ఇంకో సిమ్ తీసుకున్నాను. నా సొంత నంబరు బంధువులందరి దగ్గరా ఉంది, పిల్లల బడి గ్రూపుల్లో ఉంది. దాన్నే అపార్ట్‌మెంటు గ్రూపుల్లో పెట్టి ఊరందరికీ ఇవ్వడం నాకు ఇష్టం లేకపోయింది. కొత్త నంబరు మీద వాట్సాప్ బిజినెస్ పెట్టుకున్నాను. ఒకే ఫోనులో మామూలు వాట్సాప్ ఒక నంబరుతో, ఇది మరో నంబరుతో నడుస్తాయి, రెండో ఫోను కొనక్కర్లేదు. ఆహారం అమ్మేవాళ్లు తీసుకోవాల్సిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్‌కు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాను. నాలాంటి చిన్న అమ్మకందారుకు అప్పుడు ఏడాదికి 100 రూపాయలు రుసుము. ఫొటో, గుర్తింపు కార్డు, చిరునామా రుజువు అడిగారు. 14 అంకెల నంబరు రావడానికి వారం పైనే పట్టింది. ఈలోగా గ్రూపుల్లో ఏమీ పెట్టకుండా ఆగాను. తర్వాత ఆ ఫ్లాటు వాళ్లు, ఈ ఫ్లాటు వాళ్లు ఆ నంబరు అడిగారు; వెంటనే పంపగలిగాను కాబట్టి ఆగడం మంచిదే అయింది.

మొదటి జవాబు మా అక్క కూతురు తయారుచేసి ఇచ్చింది. కాలేజీలో చదువుతోంది, ఇలాంటివి దానికి సరదా. “పిన్నీ, మనవాళ్లు అభిమానంగా పలకరిస్తే కరిగిపోతారు, నువ్వేమీ కంగారుపడకు” అంది. ‘నమస్కారం అండీ! మా ఇంటి రుచుల లోకానికి మీకు హృదయపూర్వక స్వాగతం’ అని మొదలై, అమ్మమ్మ చేతివంట, స్వచ్ఛమైన నూనెలు అంటూ సాగి, చివర ‘మెనూ కోసం కింది చిత్రం చూడండి’ అని ముగిసేది. దానికింద అరిటాకు బొమ్మ మీద పసుపు అక్షరాలతో మెనూ. చూడముచ్చటగానే ఉంది.

జూన్ 8, శనివారం మా అపార్ట్‌మెంటు గ్రూపులో సెక్రటరీగారి అనుమతి తీసుకుని ప్రకటన పెట్టాను. మా గ్రూపులో అమ్మకాల ప్రకటనలకు శనివారం ఒక్కటే అనుమతి ఉంది. దాన్ని పక్క రెండు అపార్ట్‌మెంట్లలోని స్నేహితురాళ్లు వాళ్ల గ్రూపుల్లోనూ వేశారు. సాయంత్రం ఆరు దాటాక మొదటి ‘హలో’ వచ్చింది. చేతులు తుడుచుకుని, ఆ స్వాగతాన్నీ బొమ్మనూ పంపాను. టిక్కులు నీలం అయ్యాయి. అంతే. ఆ నీలం టిక్కులను చూస్తూ కూర్చోవడమంత నీరసం ఇంకోటి లేదు. ధర ఎక్కువనిపించిందా, మెనూ నచ్చలేదా, అసలు చదివారా లేదా అన్న సందేహాలకు జవాబు ఉండదు. ఆ రాత్రి మరికొన్ని హలోలు వచ్చాయి. ఒకావిడ మాత్రం తిరిగి రాశారు: “ఎంతండీ? ఎప్పటికి ఇస్తారు?” ఆ రెండూ బొమ్మలో ఉన్నాయి. ఆవిడ బొమ్మ తెరవలేదు.

మర్నాడు మావారి ఫోనును బల్ల మీద పెట్టి, ఆయన నంబరు నుంచి ‘హలో’ పంపించి, తెర ఆపేసి, నా జవాబు పంపాను. ఏం కనిపిస్తుందో చూద్దామని. తాళం వేసిన తెర మీద కనిపించింది ఇది: ‘నమస్కారం అండీ! మా ఇంటి రుచుల లోకానికి మీకు హృదయ...’ ఆ తర్వాత మరో నోటిఫికేషను, ‘ఫొటో’ అని. అంటే ఆఫీసులో మీటింగులో ఉండి ఓరకంట చూసిన మనిషికి తెలిసేది నేను నమస్కారం పెట్టానని మాత్రమే. తెరిచినా, ఫొటోలు వాటంతటవే దిగకుండా పెట్టుకున్న ఫోన్లలో మసక బొమ్మ కనిపిస్తుంది, దాని మీద నొక్కాలి, ఆగాలి. పెద్ద సందేశమైతే సగంలో మడతపడి ‘మరింత చదవండి’ అని వస్తుంది. మడత కింద ఉన్నది చాలామంది చూడరు. నా మెనూ, ధర, వేళ మూడూ దానికీ కింద, బొమ్మలోనే ఉన్నాయి.

హలో అన్నవారికి కావలసింది ఏమిటి? ఏముంది, ఎంత, ఎప్పటిలోగా చెప్పాలి, ఎప్పటికి వస్తుంది. ఈ నాలుగూ అడగడానికి బద్ధకించో మొహమాటపడో ‘హలో’ అంటారు. మనం కూడా తిరిగి ‘హలో, చెప్పండి’ అంటే సంభాషణ అక్కడే ఆగిపోతుంది. కాబట్టి మొదటి వరుసలోనే వంటకం, ధర ఉండాలని ఆ ఆదివారమే నిశ్చయించుకున్నాను. బొమ్మ తీసేశాను. నమస్కారం కూడా తీసేశాను. మా అత్తయ్యకు అది నచ్చలేదు. “ఇంటికొచ్చినవాళ్లను కూర్చోమనకుండా కంచం పెట్టేస్తామా?” అన్నారు. ఆవిడ మాట కాదనలేక కొన్నాళ్లు చివర్లో నమస్కారం పెట్టాను. దానివల్ల నష్టమేమీ లేదు, మొదట ఉంటేనే నష్టం.

వేళ రాయడం నేననుకున్నంత తేలిక కాలేదు. ఎందుకంటే ఆ వేళలు ఫోనులో కాదు, వంటగదిలో పుడతాయి. పూర్తి భోజనమంటే అన్నం, పప్పు, కూర, చారు, పెరుగు. కూరగాయలు సాయంత్రం రైతుబజారులో తెస్తాను. డబ్బాకు 100 గ్రాముల వేపుడు రావాలంటే పచ్చి బెండకాయలు దానికి రెట్టింపు దాకా కొనాలి, తొడిమలు పోతాయి, వేగాక కుంచించుకుపోతాయి. రాత్రి ఎనిమిది దాటాక ఇంకో నాలుగు డబ్బాలు కావాలంటే వాటికి సరిపడా బెండకాయలు ఇంట్లో ఉండవు. అందుకే పూర్తి భోజనానికి ముందురోజు రాత్రి 8 గంటలే గడువు.

పులిహోర అలా కాదు. చింతపండు గుజ్జును నూనె పైకి తేలేదాకా ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటాను, వారం పాటు ఢోకా ఉండదు. ఉదయం అన్నం వార్చి, పోపు పెట్టి, గుజ్జు కలపడమే. పెరుగన్నమూ అంతే. వేడి తగ్గిన అన్నంలో కాచిన పాలు ఎక్కువగా, పెరుగు కొద్దిగా కలిపితే మధ్యాహ్నానికి తోడుకుంటుందే గానీ పులవదు. ఈ రెండూ అదే రోజు ఉదయం 9:30 వరకు చెప్పినా చేయగలను. బియ్యం ఎసట్లో పడే సమయం అది. కాబట్టి నా మెనూలో రెండు గడువులు వచ్చాయి: రాత్రి చెప్పాల్సినవి, పొద్దున చెప్పినా సరిపోయేవి. ఈ రెండో భాగం పెట్టినందుకే ఆర్డర్లు పెరిగాయని నా నమ్మకం. పొద్దున ఎనిమిదింటికి హలో అన్నవారికి ‘నిన్న రాత్రే చెప్పాలి’ అని రాస్తే వాళ్లు మళ్లీ రారు. ‘ఇవాళ్టికి పులిహోర ఉంది’ అంటే ఒకటి తీసుకుని చూస్తారు, మర్నాటి భోజనం సాయంత్రమే చెబుతారు.

అందే వేళ సంగతి మరో తమాషా. మొదట్లో ‘12:15 నుంచి 1 గంట మధ్య’ అని రాసేదాన్ని. నిజం కూడా అదే. మా కుర్రాడు స్కూటరు మీద ఒక వరుసలో తిరిగి ఇస్తాడు, చివరి అపార్ట్‌మెంటు చేరేసరికి ఒంటిగంటకు దగ్గరపడుతుంది. కానీ రెండు వేళలు రాస్తే అందరూ మొదటిదే చదువుకుంటారు. 12:20కే “ఇంకా రాలేదండీ” అని మొదలవుతుంది. అప్పుడు నేను డబ్బాల మూతలు బిగిస్తూ ఉంటాను. ‘ఒంటిగంటలోపు’ అని మార్చాక ఆ మెసేజీలు దాదాపు ఆగిపోయాయి. 12:30కి అందితే “తొందరగానే పంపారే” అంటారు. డబ్బా అదే, స్కూటరు అదే.

ఇంకో చిక్కు అంకెలతో వచ్చింది. ఎంచుకోవడం సులువుగా ఉంటుందని వంటకాలకు 1, 2, 3 అని వరుస సంఖ్యలు పెట్టాను. జూన్ చివర్లో ఒకాయన ‘2 3’ అని రాశారు. రెండో వంటకం మూడా? రెండోదీ మూడోదీ ఒక్కొక్కటా? అడిగితే, ఆయన పనిలో ఉండి గడువు దాటాక చూశారు. అక్షరాలు పెడదామంటే చాలామంది ఫోన్లలో తెలుగు కీబోర్డు ఉండదు. చివరికి సంఖ్యలన్నీ తీసేసి, వంటకం పేర్లు పొట్టిగా, ఒకదానితో ఒకటి కలవకుండా పెట్టాను: ‘భోజనం’, ‘పులిహోర’, ‘పెరుగన్నం’. ఇప్పుడు ‘2 భోజనం’ అని రాస్తారు. అందులో అనుమానానికి తావులేదు.

జూలై మొదటి వారానికి జవాబు ఈ రూపానికి వచ్చింది. చిన్న చిన్న మార్పులతో ఇప్పటికీ ఇదే పంపుతున్నాను:

*రేపు బుధవారం భోజనం – 130 రూపాయలు*
అన్నం, దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు, చారు, పెరుగు
ఈ రాత్రి 8లోపు చెప్పాలి.

*ఇవాళ్టికే కావాలంటే*
పులిహోర 80, పెరుగన్నం 70
ఉదయం 9:30లోపు చెప్పాలి.

ఒంటిగంటలోపు మీ గుమ్మం దగ్గర ఉంటుంది. జేఎన్‌టీయూ నుంచి నిజాంపేట రోడ్డు వరకు డెలివరీ 30 రూపాయలు, ఎన్ని డబ్బాలైనా అంతే. ఆదివారం సెలవు.

ఏది, ఎన్ని, ఏ అపార్ట్‌మెంటుకు?

వరుసకు రెండు వైపులా ఉన్న నక్షత్రం గుర్తులు వాట్సాప్‌లో కనిపించవు, వాటి మధ్య ఉన్న మాటలు లావుగా కనిపిస్తాయి. ఉదయం 9:30 దాటాక పంపేటప్పుడు రెండో భాగం తీసేసి పంపుతాను. ‘ఇవాళ్టికే’ అన్న మాట కనపడితే చాలు, గడువు దాటినా “ఒక్కటి సర్దండీ” అంటారు. కాదనడం నాకు కష్టం, అందుకని ఆ అవకాశమే లేకుండా చేసుకున్నాను.

చివరి ప్రశ్న చాలా ఆలోచించి పెట్టింది. ‘ఆర్డరు చేయాలంటే సంప్రదించండి’ అని రాస్తే ఎవరూ ఏమీ రాయరు, ఇప్పటికే సంప్రదించారు కదా! ప్రశ్న అడిగితే దానికి జవాబు రాస్తారు. డబ్బు సంగతి మొదటి జవాబులో రాయను. క్యూఆర్ కోడు, యూపీఐ సంఖ్య అన్నీ ఆర్డరు చెప్పాకే. మొదటి పలకరింపులోనే కోడు పంపితే మోసమేమో అనుకుంటారు, ఈ రోజుల్లో అలా అనుకోవడమే మంచిది కూడా. ఖాతా మావారి పేరుమీద ఉండటంతో డబ్బు పంపబోతే ఒక మగమనిషి పేరు కనిపించి, ఒకావిడ ఆగిపోయి ఫోన్ చేసి కనుక్కున్నారు. అప్పటి నుంచి కోడుతో పాటే ‘ఖాతా మావారి పేరుతో కనిపిస్తుంది’ అని ఒక ముక్క జోడిస్తున్నాను. చెల్లించినట్టు స్క్రీన్‌షాట్ పంపినా, బ్యాంకు మెసేజీ వచ్చాకే డబ్బా కట్టడం మా ఇంటి నియమం. ఇది మావారు పెట్టిన నియమం, ఆయన ఎవరినీ నమ్మరు.

ఇక ఈ జవాబును ఎలా పంపడం అన్నది. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో ‘గ్రీటింగ్ మెసేజ్’ అని ఒక సదుపాయం ఉంది, కొత్తవాళ్లు రాయగానే దానంతటదే వెళ్తుంది. మెనూ అందులో పెట్టేస్తే పని తప్పుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. నిజాంపేటలో పొడులు, పచ్చళ్లు అమ్మే స్నేహితురాలు అలాగే పెట్టుకుంది, ఆమెకు బాగా పనిచేస్తోంది. కందిపొడి ఇవాళా ఉంటుంది, వచ్చే నెలా ఉంటుంది. నాది రోజూ మారే మెనూ. పైగా ఆ గ్రీటింగు మొదటిసారి రాసినవారికి, లేదా 14 రోజులుగా మాటామంతీ లేనివారికే వెళ్తుంది. వారానికోసారి హలో అనే పాత కస్టమరుకు అది వెళ్లనే వెళ్లదు. వాళ్లు ఎదురుచూస్తూ ఉంటారు, వెళ్లిందనుకుని మనం నిమ్మళంగా ఉంటాం.

అందుకని రెండుగా విడదీశాను. గ్రీటింగులో మారనివి మాత్రమే పెట్టాను: ఏ రోజుల్లో ఉంటుంది, రెండు గడువులు, డెలివరీ హద్దు, ఇంకా ‘ఉదయం 10 నుంచి ఒంటిగంట వరకు వంటలో ఉంటాను, ఫోను చూడలేను, ఆ తర్వాత మెనూ పంపుతాను’ అని. రోజువారీ మెనూను ‘క్విక్ రిప్లై’గా దాచుకున్నాను. టైపు చేసే చోట ఏటవాలు గీత కొట్టి, దానికి పెట్టుకున్న పేరు రాసి, కనిపించినదాన్ని నొక్కితే మొత్తం జవాబు వచ్చేస్తుంది:

```
/menu
```

మధ్యాహ్నం రెండింటికి, మర్నాటి కూర ఏమిటో నిర్ణయించుకోగానే, ఆ దాచిన జవాబులో వారం పేరు, కూర, పప్పు మారుస్తాను. రెండు నిమిషాల పని. ఇది చేయకుండా ఇంకో పనికి వెళ్లను, మర్చిపోతే గుత్తివంకాయ రోజున దొండకాయ మెనూ వెళ్తుంది.

ఫోను చూడలేని ఆ మూడు గంటలే నాకు అన్నిటికంటే పెద్ద బెంగ. హలోలు ఎక్కువగా వచ్చేది అప్పుడే. పదకొండున్నరకు ఆఫీసుల్లో ఆకలి మొదలవుతుంది కదా. ఆ వేళ పొయ్యి దగ్గర నాలుగు గిన్నెలుంటాయి, చేతికి పసుపూ నూనే. అక్కడికి ఫోను తేవడం నాకు ఇష్టం ఉండదు. మనం అందుబాటులో లేనప్పుడు దానంతటదే వెళ్లే ‘అవే మెసేజ్’ ఉంది. పనివేళలు కానప్పుడు అది వెళ్లేలా పెట్టాలంటే మన పనివేళలు యాప్‌లో చెప్పాలి. నేను జవాబిచ్చే వేళలే పనివేళలనుకుని మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8 అని పెట్టాను. పొద్దున పూట హలో అన్నవారికి జవాబు చక్కగా వెళ్లింది. కానీ నా ప్రొఫైలు తెరిచిన కస్టమర్లకు ‘ఇప్పుడు మూసి ఉంది’ అని కనిపించసాగింది. “భోజనం వేళకు మూసేసే భోజనం కొట్టు మీదేనమ్మా” అని రెండో అంతస్తు పెద్దాయన లిఫ్టులో నవ్వారు. పనివేళలు ఉదయం 6 నుంచి రాత్రి 8:30 అని మార్చి, అవే మెసేజ్‌ను రాత్రికి వదిలేశాను. మధ్యాహ్నపు మూడు గంటలు ఇప్పుడు మా అత్తయ్య చేతిలో ఉన్నాయి. ఆవిడ గీత కొట్టి మెనూ పంపడం నేర్చుకున్నారు. అంతకుమించి ఏమైనా అడిగితే “కోడలు పనిలో ఉంది, ఒంటిగంట తర్వాత చెబుతుంది” అని గొంతు రికార్డు చేసి పంపుతారు. విచిత్రమేమిటంటే ఆవిడ గొంతు విన్నవాళ్లలో ఒంటిగంట దాకా ఆగి, మర్నాటికి ఆర్డరు చెప్పేవాళ్లే ఎక్కువ. ఇంట్లో నిజంగా పెద్దవాళ్లున్నారు, ఇది ఇంటి వంటే అని ధైర్యం వస్తుంది కాబోలు.

ఒక హలో మొదటి నుంచి చివరి వరకు ఎలా నడుస్తుందో చెబుతాను. ఆగస్టు మొదటి వారం, శ్రావణం వచ్చిన కొత్తలో, ఒక మంగళవారం సాయంత్రం 5:10కి కొత్త నంబరు నుంచి ‘హలో’. గ్రీటింగు వెంటనే వెళ్లింది. 5:14కు మెనూ పంపాను. 5:30కి ఆవిడ “ఉల్లిపాయ లేకుండా ఇస్తారా?” అన్నారు. అప్పటిదాకా నా జవాబులో ఆ సంగతి లేదు. మర్నాటి పప్పులో, వేపుడులో ఉల్లిపాయ లేదు, చారులో వెల్లుల్లి ఉంది. అదే రాశాను: “పప్పు, వేపుడులో ఉండదండీ. చారులో వెల్లుల్లి వేస్తాను. మీకు ఆ చారు బదులు పెరుగు ఎక్కువ పెట్టనా?” 5:50కి “సరే, 2 భోజనం” అని, అపార్ట్‌మెంటు పేరు, ఫ్లాటు నంబరు వచ్చాయి. లొకేషను అడిగాను, పంపారు. ఫ్లాటు నంబరు లేకుండా లొకేషను ఒక్కటే ఉంటే మా కుర్రాడు గేటు దగ్గర ఫోన్లు చేస్తూ నిలబడతాడు, లొకేషను లేకుండా ఫ్లాటు నంబరు ఉంటే ఒకే పేరున్న ఇంకో అపార్ట్‌మెంటుకు వెళ్తాడు. అందుకని రెండూ కావాలి. రెండు భోజనాలు 260, డెలివరీ 30, మొత్తం 290. కోడు పంపాను. 6:20కి బ్యాంకు మెసేజీ వచ్చింది. వెంటనే “అందిందండీ. రేపు ఒంటిగంటలోపు. డబ్బా అందాక రెండు గంటల్లో తినేయండి” అని పంపాను. ఈ చివరి మాట ప్రతి ఆర్డరుకూ రాస్తాను. వేడి తగ్గాక మూతపెట్టినా, కొందరు డబ్బాను అలాగే ఉంచి సాయంత్రం ఆరింటికి తింటారు, ఎండాకాలంలో పెరుగు అప్పటికి నిలవదు. మర్నాడు 12:40కి డబ్బాలు చేరాయి.

ఆ 290లో నాకు మిగిలేది ఎంతని అడుగుతారు. ఒక్కో భోజనానికి సరుకులు, గ్యాసు కలిపి నాకు 70 రూపాయల పైచిలుకు పడుతుంది. ఐదు డబ్బాలు, సంచీ, స్టిక్కరు కలిపి ఇంకో 20 దాకా. డెలివరీ 30 కుర్రాడిదే. రెండింటికి కలిపి 80కి లోపు మిగిలింది, అదీ నా శ్రమ లెక్క వేయకుండా.

ఆవిడ అడిగిన ప్రశ్న తర్వాత శ్రావణమాసమంతా మెనూలో ‘ఉల్లి, వెల్లుల్లి లేకుండా కావాలంటే చెప్పండి’ అని ఒక వరుస చేర్చాను. నవంబరులో కార్తీకం వచ్చాక అది ఏకంగా మొదటి వరుసకు ఎక్కింది. ఆ నెలలో సోమవారాలు పూర్తి భోజనాలు తగ్గి, సాయంత్రం ఉపవాసం విడిచేవాళ్లు పులిహోర ఎప్పటికి తెస్తారని అడిగారు. నా జవాబులో రాత్రి వేళ లేదు, రాత్రి వండే ఓపిక నాకూ లేదు. లేదని వెంటనే రాశాను. లేనిది లేదని మొదటి జవాబులోనే చెబితే ఎవరూ నొచ్చుకోరు.

రాత్రి వచ్చే హలోల గురించి చెప్పకపోతే ఈ అనుభవం సగమే అవుతుంది. ఆడవాళ్ల పేరుతో ఒక నంబరు గ్రూపుల్లో తిరుగుతుంటే రాత్రి పదకొండింటికి ‘హలో’, ‘హాయ్’, ‘ఏం చేస్తున్నారు’ వస్తాయి. మొదట్లో గుండె దడదడలాడేది. పక్కన మావారికి చూపించాలా వద్దా అని తటపటాయించేదాన్ని. ఇప్పుడు ఆ వేళకు అవే మెసేజ్ దానంతటదే వెళ్తుంది: భోజనం వేళలు, ధర, రేపు ఉదయం ఆరు తర్వాత జవాబిస్తాను అని. అన్నం కావలసినవాళ్లు ‘సరే’ అంటారు, లేదా పొద్దున రాస్తారు. తక్కినవాళ్లు దోసకాయ పప్పు ధర చూసి మాయమవుతారు. అయినా “మీ పేరేమిటి, ఫొటో బాగుంది” అని సాగదీసేవాడు ఒకడుంటాడు. వాడికి మాట ఇవ్వను, బ్లాక్ చేసి ఫిర్యాదు నొక్కేస్తాను. ప్రొఫైలులో నా ఫొటో తీసేసి విస్తరి ఫొటో పెట్టాను. చిరునామాలో కాలనీ పేరు వరకే ఇచ్చాను, ఫ్లాటు నంబరు లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ రెండూ మొదటి రోజే చేసుకోండి.

లిపి గురించి అడిగినవాళ్లున్నారు. తెలుగు అక్షరాల్లో పంపితే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు చదవరేమోనని నాకూ అనుమానం ఉండేది. చదువుతున్నారు. వాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో ‘2 bhojanam’ అని తిరిగి రాస్తారు, నాకు అర్థమవుతుంది. పక్క అపార్ట్‌మెంటులో ఉండే తమిళులు, ఒడియావాళ్ల కోసం ఇంకో క్విక్ రిప్లై ఇంగ్లీషులో దాచుకున్నాను. హలో అన్నవారి పేరు చూసి ఏది పంపాలో ఊహిస్తాను, ఊహ తప్పితే రెండోదీ పంపుతాను.

ఏ జవాబుకూ లొంగని కస్టమర్లు కొందరున్నారు. రెండో అంతస్తు పెద్దాయన రోజూ ‘హలో’ అని రాస్తారు. మెనూ పంపితే చదవరు, కళ్లజోడు ఎక్కడో ఉంటుంది. గంట తర్వాత మళ్లీ ‘హలో’. ఫోన్ చేస్తే “మీరు ఏది వండితే అదే పంపండమ్మా, ఉప్పు మాత్రం తక్కువ వేయండి” అంటారు. ఉప్పు ఆయన ఒక్కరికే తగ్గించడం కుదరదు కాబట్టి ఆయన డబ్బాలో వేపుడు తగ్గించి పెరుగు పెంచుతాను. యాప్‌లో ఆయన పేరుకు ‘ఫోన్ చేయాలి’ అని లేబుల్ పెట్టుకున్నాను. ఆ లేబుల్ కింద ఇప్పుడు ఇంకొందరు పెద్దవాళ్లు కూడా చేరారు. రాత్రి ఏడున్నరకు, గడువుకు అరగంట ముందు, అత్తయ్యే వాళ్లందరికీ వరుసగా ఫోన్లు చేస్తారు.